కుండీలో పుదీన నీరసించింది, ఏం చేయాలి?

ప్రశ్న: రెండేళ్ల క్రితం కుండీలో నాటిన పుదీన మొదట బాగా గుబురుగా పెరిగింది. ఇప్పుడు అంచుల వెంట మాత్రమే చిన్న ఆకులు వస్తున్నాయి, నడుమ ఎండు పుల్లలే మిగిలాయి. పొద్దున నీళ్లు పోసినా మధ్యాహ్నానికి వాడిపోతోంది. వర్మీకంపోస్టు వేసినా ఫలితం లేదు. ఏ ఎరువు వేయమంటారు?

జవాబు: ఎరువు సంగతి తరువాత, ముందు కుండీని ఖాళీ చేసి చూడండి. పుదీన మట్టిలో పాకే కాడలతో విస్తరిస్తుంది. ఆ కాడలు కుండీ గోడను తాకి, దారి లేక దాని వెంటే చుట్టూ తిరుగుతాయి. అందుకే చిగురంతా అంచుల్లో వస్తోంది, పాత కాండాలున్న నడిభాగం ముదిరి చచ్చిపోతోంది. వేర్లు ఇలా కిక్కిరిస్తే తేమను పట్టి ఉంచేందుకు మట్టి మిగలదు. మీరు పైన వేసిన కంపోస్టు ఆ వేళ్ల చాప మీదే ఉండిపోయి ఉంటుంది.

నీళ్లు పోసినప్పుడు గమనించండి. పోసిన వెంటనే అడుగు రంధ్రాల నుంచి కారిపోయి, వేలు గుచ్చితే లోపల పొడిగా ఉంటే వేర్లు బిగుసుకున్నట్టే. రంధ్రాల్లోంచి వేర్లు బయటికి రావడం మరో గుర్తు. లోపల తడిగా ఉండి కూడా మొక్క వాడుతూ, వేర్లు గోధుమ రంగులో మెత్తబడి వాసన వస్తుంటే అది వేరుకుళ్లు. అప్పుడు కింది పద్ధతి పనికిరాదు. కుళ్లు తగలని కొమ్మల కొనలను నీళ్లలో వేళ్లూనించి, కొత్త మట్టిలో నాటుకోవాలి.

విడదీసే ముందు రోజు బాగా నీళ్లు పెట్టి, కొమ్మలను మట్టికి నాలుగు వేళ్ల ఎత్తులో కత్తిరించండి. మరునాడు చల్లటి పూట కుండీని పక్కకు వాల్చి, అంచు చుట్టూ కత్తి తిప్పి గడ్డను లాగండి. దాన్ని రంపపు పళ్ల కత్తితో నిలువునా నాలుగు ముక్కలు చేయండి. వేర్లు తెగుతాయని భయపడవద్దు, పుదీన త్వరగా తేరుకుంటుంది. నడిమి పుల్లల భాగాన్ని పారేయండి. అంచుల్లో తెల్లగా, గట్టిగా, కణుపు కణుపుకూ మొలక ఉబ్బిన కాడలే మీకు కావాలి. వాటిని మూడు నాలుగు కణుపులుండేలా కోసుకోండి. ఆకుల అడుగున నారింజ రంగు పొడి కనిపిస్తే అది తుప్పు తెగులు. ఆ మొక్క కాడలను వాడకండి.

పాత మట్టిని మళ్లీ వాడవద్దు. రెండు పాళ్లు తోటమట్టి, ఒక పాలు మాగిన కంపోస్టు, ఒక పాలు కొబ్బరి పొట్టు కలపండి. లోతుకన్నా వెడల్పు ముఖ్యం: 30 సెంటీమీటర్ల వెడల్పు కుండీకి నాలుగైదు కాడలు చాలు. ఎక్కువ పెడితే అంత త్వరగా మళ్లీ ఇదే అవస్థ. కాడలను పడుకోబెట్టి రెండు మూడు సెంటీమీటర్ల మట్టి కప్పి, నీళ్లు పోసి వారం పది రోజులు నీడలో ఉంచండి.

కొత్త చిగుళ్లు జానెడు ఎత్తు వచ్చేవరకు కోయవద్దు, ఎరువూ వేయవద్దు. కంపోస్టులోని బలం అప్పటికి సరిపోతుంది. కుండీలో పుదీనకు ఈ పని ఏటా ఒకసారి, కొత్త పెరుగుదల మొదలయ్యే ముందు చేసుకోవాలి.