డీఎన్ఏ పక్కన చేరినప్పుడే అయోడిన్-125 ఎందుకంత ప్రమాదం?

ప్రశ్న: "మా ల్యాబ్‌లో హార్మోన్ పరీక్షలకు అయోడిన్-125 వాడతాం. దాని ఎలక్ట్రాన్లు చర్మం పైపొర కూడా దాటవని ట్రైనింగ్‌లో చెప్పారు. అదే అయోడిన్ డీఎన్ఏలో చేరితే ఆల్ఫా కణాలంత నష్టం చేస్తుందని ఒకచోట చదివాను. ఈ రెండూ ఒకేసారి ఎలా నిజం? నేను టెన్షన్ పడాలా?"

రెండూ నిజమే. మీ కిట్లలో అయోడిన్ హార్మోన్‌కో, ప్రోటీన్‌కో అంటుకుని ఉంటుంది. కణ కేంద్రకంలోకి వెళ్లి డీఎన్ఏలో కలిసే రూపం కాదది. కాబట్టి మామూలు జాగ్రత్తలు పాటిస్తే టెన్షన్ అక్కర్లేదు. కణాలకు ఈ అయోడిన్‌ను కావాలనే డీఎన్ఏలోకి ఎక్కించే పని నేను చాలాకాలం చేశాను, ఆ అనుభవంతో చెబుతున్నాను.

ముందు ఆ ఎలక్ట్రాన్లు ఎక్కడినుంచి వస్తాయో చూద్దాం. అయోడిన్-125 కేంద్రకం తన సొంత ఎలక్ట్రాన్‌నే ఒకదాన్ని లోపలికి లాక్కుని టెల్లూరియంగా మారుతుంది. ఎక్కువసార్లు ఆ ఎలక్ట్రాన్ అన్నిటికంటే లోపలి కె కర్పరంలోనిదే. అక్కడ ఖాళీ పడింది కదా, దాన్ని నింపడానికి పై కర్పరం నుంచి ఒక ఎలక్ట్రాన్ దిగుతుంది. మిగిలిన శక్తి ఎక్స్-రేగా బయటికి పోవచ్చు, లేదా ఇంకో ఎలక్ట్రాన్‌ను తన్ని తగిలేయవచ్చు. అలా బయటపడినదాన్నే ఓజే ఎలక్ట్రాన్ అంటారు. కె ఖాళీ విషయంలో చాలావరకు ఎక్స్-రేయే పోతుంది. కానీ దాంతో ఖాళీ పూడలేదు, ఎల్ కర్పరానికి మారిందంతే. ఎల్ నుంచి పైకి మాత్రం ఎక్స్-రేలు అరుదు, ఎలక్ట్రాన్లే ఎక్కువ. ఇక్కడే అసలు సంగతి ఉంది. ఓజే పద్ధతిలో ఒక ఖాళీ నిండితే దాని బదులు రెండు కొత్త ఖాళీలు పుడతాయి, దిగిన ఎలక్ట్రాన్ వదిలినది ఒకటి, బయటికి పోయినది వదిలినది ఇంకొకటి. ఆ రెండూ నాలుగవుతాయి. ఇలా బయటి కర్పరాల దాకా పాకే కొద్దీ ఒక్కో ఎలక్ట్రాన్ శక్తి తగ్గుతుంది, సంఖ్య పెరుగుతుంది.

అయోడిన్-125లో ఇది రెండుసార్లు జరుగుతుంది. కొత్తగా పుట్టిన టెల్లూరియం కేంద్రకంలో ఇంకా 35.5 కిలో ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి మిగిలి ఉంటుంది. అది గామాగా బయటికి రావడం నూటికి ఏడుసార్లే. మిగతా 93 సార్లు కేంద్రకం ఆ శక్తిని నేరుగా తన లోపలి ఎలక్ట్రాన్‌కే ఇచ్చి వెళ్లగొడుతుంది. మళ్లీ ఖాళీ, మళ్లీ ఇంకో జల్లు. రెండింటి మధ్య వ్యవధి సుమారు నానోసెకను, ఈలోపు మొదటి జల్లు ఎప్పుడో ముగిసిపోతుంది. మొత్తమ్మీద ఒక్క విఘటనానికి సగటున 20కి పైగా ఎలక్ట్రాన్లు బయటపడతాయి. వాటిలో ఎక్కువ భాగం కొన్ని పదులో, కొన్ని వందలో ఎలక్ట్రాన్ వోల్టులవే.

ఇంత తక్కువ శక్తి ఎలక్ట్రాన్ నీటిలో కొన్ని నానోమీటర్లు పోయేసరికి ఆగిపోతుంది. మీ ట్రైనింగ్‌లో చెప్పిన "చర్మం దాటవు" అన్న మాట ఇందుకే నిజం. కానీ డీఎన్ఏ మందం 2 నానోమీటర్లు. అంత చిన్న దూరంలో శక్తి మొత్తం కుమ్మరించి ఆగిపోవడమే అక్కడ ప్రాణాంతకం.

లెక్క వేస్తే తేడా కళ్లకు కడుతుంది. ఒక విఘటనం నుంచి 1 కిలో ఎలక్ట్రాన్ వోల్ట్ శక్తి పడిందనుకుందాం. 5 మైక్రోమీటర్ల వ్యాసార్ధమున్న కణమంతటికీ దాన్ని పంచితే మోతాదు సుమారు 0.0003 గ్రే, గ్రే అంటే కిలో పదార్థంలో పడే ఒక జౌల్ శక్తి. అదే శక్తి 5 నానోమీటర్ల వ్యాసార్ధంలోనే పడితే సుమారు 3 లక్షల గ్రే. వ్యాసార్ధం వెయ్యో వంతైతే ఘనపరిమాణం వంద కోట్లో వంతవుతుంది, తేడా అంతా అక్కడిదే. కణం సగటు చూసేవారికి మొదటి అంకె కనిపిస్తుంది, ఆ అయోడిన్ పక్కనున్న డీఎన్ఏకి తగిలేది రెండోది. ఆ కాస్త చోటులో రెండు పోగులూ తెగుతాయి, పక్క బేసులూ పాడవుతాయి. ఒక పోగే తెగితే ఎదురు పోగును చూసి కణం మరమ్మతు చేసుకోగలదు. రెండూ ఒకేచోట చెదిరితే చూసుకోవడానికి సరైన నకలు మిగలదు.

నా పనిలో వాడినది అయోడోడీఆక్సీయూరిడిన్. డీఎన్ఏ కట్టుకోవడానికి కణం వాడే థైమిడిన్‌లోని మిథైల్ గుంపు స్థానంలో ఇందులో అయోడిన్ ఉంటుంది, రెండూ దాదాపు ఒకే పరిమాణం కాబట్టి కణం థైమిడిన్ అనుకుని డీఎన్ఏలో అల్లేసుకుంటుంది. అల్లుకున్నాక కణాలను ద్రవ నైట్రోజన్‌లో గడ్డకట్టించి ఉంచుతాం. అయోడిన్-125 అర్ధాయుష్షు సుమారు 59 రోజులు. ఆ చలికి విభజన, మరమ్మతు ఆగిపోతాయి గానీ విఘటనాలు ఆగవు, పేరుకుంటూ పోతాయి. విడతలవారీగా గొట్టాలు తీసి కరిగించి, ప్లేట్లలో నాటి, ఎన్ని కాలనీలు లేస్తాయో లెక్కపెడతాం. అయోడిన్ లేని కణాలనూ అలాగే గడ్డకట్టించి పక్కన పెట్టాలి. గడ్డకట్టడం వల్లే చచ్చేవి కొన్ని ఉంటాయి, ఆ లెక్క తీసేయకపోతే గ్రాఫ్ తప్పుదారి పట్టిస్తుంది.

ఫలితాలను సెమీ-లాగ్ గ్రాఫ్‌పై పెడితే బతికిన కణాల గీత మొదటినుంచీ తిన్నగా కిందికి దిగుతుంది. ఎక్స్-రేలతో అయితే గీత మొదట భుజంలా కాస్త చదునుగా సాగి తర్వాతే దిగుతుంది, దాన్నే షోల్డర్ అంటారు, చిన్న మోతాదుల దెబ్బను కణం మరమ్మతుతో తట్టుకుంటుంది. ఇక్కడ ఆ షోల్డరే ఉండదు. ఒక్కో కణంలో కొన్ని పదుల విఘటనాలు జరిగితే చాలు, ఎక్కువ భాగం కణాలు కాలనీ కట్టలేవు. కణం బయట ద్రవంలో అయోడిన్-125 అంటించిన ప్రోటీన్ పెట్టి చూస్తే షోల్డర్ తిరిగి కనిపిస్తుంది. అదే ఐసోటోపు, అవే ఎలక్ట్రాన్లు, మారినది చోటు మాత్రమే.

ఈ ప్రయోగాల్లో ఎక్కువగా మోసపోయేది కౌంటర్ దగ్గర. గామా కౌంటర్ గొట్టంలో అయోడిన్ ఎంతుందో చెబుతుంది గానీ డీఎన్ఏలో ఉందా, ఊరికే ద్రవంలో తేలుతోందా చెప్పదు. అందుకే ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లం చల్లగా పోసి చూడాలి. డీఎన్ఏలో అల్లుకున్న అయోడిన్ అవక్షేపంలో అడుగుకు చేరుతుంది, విడి అణువులు పై ద్రవంలోనే ఉండిపోతాయి. మొత్తం కౌంట్ ఎక్కువగా ఉండి అడుగున తక్కువగా ఉంటే ఆ మోతాదు లెక్కను నమ్మకూడదు.

మందుగా వాడబోయినా ఇదే చిక్కు. అయోడోడీఆక్సీయూరిడిన్‌ను శరీరం త్వరగా విడగొట్టి అయోడిన్‌ను ఊడదీస్తుంది. పైగా ఆ సమయంలో డీఎన్ఏను నకలు చేసుకుంటున్న కణాలే దాన్ని తీసుకుంటాయి, మిగతా క్యాన్సర్ కణాలు తప్పించుకుంటాయి. తప్పించుకున్నవి పక్కింట్లో ఉన్నా ఈ పొట్టి ఎలక్ట్రాన్లు వాటిని చేరవు.

మీ రక్షణ విషయానికొస్తే, అయోడిన్-125 ఫోటాన్లకు పలుచటి సీసపు రేకు చాలు, అసలు జాగ్రత్త లోపలికి పోకుండా చూసుకోవడంలో ఉంది. విడి అయోడైడ్ లోపలికి పోతే థైరాయిడ్‌లో చేరుతుంది, అక్కడ కూడా ఎక్కువ భాగం ఫాలికల్స్ లోపలి ద్రవంలో నిలవ ఉంటుంది గానీ డీఎన్ఏలో అల్లుకోదు. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం ఐసీఆర్‌పీ 2007లో ఇచ్చిన 103వ నంబరు సిఫార్సులు ఎలక్ట్రాన్లన్నిటికీ వెయిటింగ్ ఫ్యాక్టర్, అంటే ఒకే మోతాదుకు ఏ కిరణం ఎంత హాని చేస్తుందో చెప్పే గుణకం, 1 అనే ఉంచాయి, కానీ డీఎన్ఏకి అంటుకున్న ఓజే ఉద్గారకాలను మాత్రం విడిగా పరిశీలించమన్నాయి. కాబట్టి మీ ల్యాబ్‌కి ఎప్పుడైనా థైమిడిన్‌ను పోలిన రూపంలో అయోడిన్-125 వస్తే, కిట్ల కోసం వేసుకున్న బెక్వెరెల్ లెక్కలనే దానికీ వర్తింపజేయకండి. రేడియేషన్ సేఫ్టీ అధికారితో మాట్లాడి ఆ అణువుకు విడిగా అంచనా వేయించుకోండి.