బ్యాంక్ యాప్‌లో వేలిముద్ర పనిచేయకపోతే

«నిన్న సెక్యూరిటీ అప్‌డేట్ అయ్యాక బ్యాంక్ యాప్ వేలిముద్ర తీసుకోవట్లేదు, ఎంపిన్ అడుగుతోంది. ఫోన్ లాక్ మాత్రం వేలిముద్రతోనే తెరుచుకుంటోంది. అమీర్‌పేటలో షాపువాళ్లు రీసెట్ చేయాలంటున్నారు. ఏం చేయను?»

రీసెట్ చేయించకండి అండీ, ఫోన్‌ని షాపులో ఇవ్వకండి కూడా. లాక్ తెరుచుకుంటోందంటే సెన్సర్ బాగానే ఉంది. బ్యాంక్ యాప్ మీ వేలిముద్రను దాచుకోదు. ఆండ్రాయిడ్‌లో ఫోన్ లోపలి భద్ర నిల్వలో ఒక డిజిటల్ తాళంచెవి తయారుచేయించుకుంటుంది, వేలిముద్ర సరిపోతేనే అది పనిచేస్తుంది. అప్‌డేట్ తర్వాత ఒక్కోసారి ఆ తాళంచెవి చెల్లకుండా పోతుంది. కొత్త వేలు చేర్చినా, స్క్రీన్ లాక్ తీసేసినా అంతే. అందుకే యాప్ ఎంపిన్ అడుగుతోంది.

ముందు ఫోన్ రీస్టార్ట్ చేసి, పిన్ కొట్టి తెరవండి. ప్లే స్టోర్‌లో ఆ యాప్‌కి అప్‌డేట్ ఉంటే వేసుకోండి. ఎంపిన్‌తో లాగిన్ అయి, సెట్టింగ్స్‌లో బయోమెట్రిక్ లాగిన్ ఆపండి. యాప్ పూర్తిగా మూసి, మళ్లీ లాగిన్ అయి ఆన్ చేయండి. అప్పుడు కొత్త తాళంచెవి తయారవుతుంది, చాలావరకు ఇక్కడితో సరిపోతుంది.

ఆన్ చేయగానే ఎర్రర్ వస్తే ఫోన్ సెట్టింగ్స్‌లో పాత వేలిముద్రలన్నీ తీసేసి, వేలు పొడిగా తుడుచుకుని కొత్తగా నమోదు చేసి, పై పని మళ్లీ చేయండి. వేరే యాప్‌లలో కూడా వేలిముద్ర లాగిన్ ఇలాగే మళ్లీ పెట్టుకోవాల్సి రావచ్చు.

క్లియర్ డేటా, అన్‌ఇన్‌స్టాల్ చివరి మార్గంగానే ఉంచండి. అవి చేస్తే యాప్ రిజిస్ట్రేషన్ మొదటికొస్తుంది. బ్యాంకులో ఇచ్చిన నంబరు సిమ్ అదే ఫోన్‌లో ఉండాలి, అందులోంచి ఎస్సెమ్మెస్ వెళ్లాలి. రీఛార్జ్ అయిపోయి ఉంటే అక్కడే ఆగిపోతుంది.