ఇల్లు అబ్బాయి పేరున రాయాలా, అమ్మాయి పేరునా?

ప్రశ్న: నా వయసు 58. గుంటూరులో తపాలా శాఖలో పనిచేస్తున్నాను. ఇంకో రెండేళ్లలో రిటైరవుతాను, పాత పెన్షన్ ఉంది. మా అబ్బాయికి 23 ఏళ్లు. పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం. సదరం సర్టిఫికెట్‌లో 90 శాతం రాశారు. మాటలు రావు, సంతకం పెట్టలేడు. అమ్మాయికి పెళ్లయి హైదరాబాద్‌లో ఉంది. నా పేరున రెండంతస్తుల ఇల్లు ఉంది. పై వాటాకు 14 వేలు అద్దె వస్తుంది. రిటైర్మెంట్ డబ్బులో 30 లక్షలు మిగలొచ్చు. అంతా అబ్బాయి పేరునే రాయాలని నా ఉద్దేశం. మా ఆవిడ మాత్రం అమ్మాయి పేరున రాస్తే తమ్ముణ్ణి తనే చూసుకుంటుంది అంటోంది. ఏది మంచిది?

జవాబు: రెండూ వద్దండీ. ఆస్తి ఒక ట్రస్టు పేరున ఉండాలి, దాని ఫలం మీ అబ్బాయికి అందాలి, అతణ్ణి చూసుకునే మనిషి వేరే ఉండాలి. ఈ మూడింటినీ ఒకే పేరు మీద వేయడం వల్లే ఇలాంటి ఇళ్లలో చిక్కులు మొదలవుతాయి.

ముందు మీ ఆలోచనే చూద్దాం. వైకల్యం ఉన్నంత మాత్రాన వారసత్వ హక్కు పోదు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలోని 28వ సెక్షన్ ఆ మాట సూటిగానే చెబుతుంది. కాబట్టి ఆస్తి మీ అబ్బాయికి రావడంలో ఇబ్బంది లేదు, వచ్చాకే ఇబ్బంది. ఒప్పందం చేసుకునే మానసిక స్థితి లేని మనిషి చేసిన ఒప్పందం చట్టం ముందు చెల్లదు. అంటే ఆ ఇంటిని అతను అద్దెకివ్వలేడు, అమ్మలేడు, బ్యాంకులో ఎఫ్‌డీ రెన్యువల్ కూడా తనంతట తాను చేయించుకోలేడు. మీరు ఏ వీలునామా రాయకుండా వెళ్లిపోయినా ఇదే పరిస్థితి. మీ భార్యకు, అబ్బాయికి, అమ్మాయికి తలా మూడో వంతు వస్తుంది (మీ అమ్మగారు ఉంటే ఆమెకూ సమాన వాటా). ఆ తర్వాత ఇల్లు అమ్మాల్సి వస్తే అబ్బాయి వాటా దగ్గర పని ఆగిపోతుంది. అప్పుడు ఎవరో ఒకరు "వేలిముద్ర వేయించండి, నడిచిపోతుంది" అంటారు. అబ్బాయి బొటనవేలికి సిరా పూసి కాగితం మీద నొక్కిస్తారు కూడా. ఆ దస్తావేజు రిజిస్టరయినా కోర్టులో నిలవదు. కొన్నవాడి లాయరు దాన్ని పట్టుకున్న రోజున మీ అబ్బాయికి ఇల్లూ ఉండదు, చేతికొచ్చిన డబ్బు లెక్కా ఉండదు.

ఇక మీ ఆవిడ ఆలోచన. అమ్మాయి మనసు మీద నాకేం అనుమానం లేదు. కానీ రాసిచ్చిన మరుక్షణం ఆ ఇల్లు పూర్తిగా ఆమెదే, తమ్ముడి కోసం అన్నది నోటిమాటగానే మిగులుతుంది. ఆమె వీలునామా రాయకుండా ముందే పోతే ఇల్లు ఆమె భర్తకు, పిల్లలకు వెళ్తుంది. మేనమామను పోషించాలన్న బాధ్యత చట్టప్రకారం వాళ్ల మీద పడదు. అల్లుడి వ్యాపార అప్పుకు ఆమె హామీ సంతకం పెట్టి ఉంటే అప్పులవాళ్లు ఆ ఇంటి మీదికీ రావచ్చు. ఈ రెండింటిలో ఏది జరగడానికైనా అమ్మాయి చెడ్డది కానక్కర్లేదు.

మీ లేఖలో మీరు పెద్దగా పట్టించుకోని ఆస్తి ఒకటుంది. అది ఫ్యామిలీ పెన్షన్. నా లెక్కలో ఇంటికంటే అదే మీ అబ్బాయికి పెద్ద ఆస్తి. మీ తర్వాత మీ భార్యకు, ఆమె తర్వాత మీ అబ్బాయికి జీవితాంతం వస్తుంది, ధరలను బట్టి కేంద్రం పెంచే కరవు భృతి, అంటే డీఆర్‌తో పాటు పెరుగుతుంది. ధరలతో కలిసి పెరిగే ఆదాయం ఇంకెక్కడా దొరకదు. అయితే దీనికో షరతు ఉంది. 2021 ఫిబ్రవరిలో కేంద్రం ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, ఫ్యామిలీ పెన్షన్ కాకుండా ఆ బిడ్డకు వచ్చే మొత్తం ఆదాయం, మీ చివరి మూలవేతనంలో 30 శాతం, దాని మీది డీఆర్ కలిపిన మొత్తం కంటే తక్కువగా ఉండాలి.

మీ అంకెలతోనే చూద్దాం. చివరి మూలవేతనం 68,000 అనుకుందాం. అందులో 30 శాతం 20,400. డీఆర్ 50 శాతం అనుకుంటే నెలకు 30,600 అవుతుంది. అబ్బాయికి వచ్చే ఫ్యామిలీ పెన్షన్ అదే, ఆదాయ పరిమితీ అదే. ఇప్పుడు మీరన్నట్టు అంతా అబ్బాయి పేరున రాశారనుకోండి. ఇంటద్దె 14,000. 30 లక్షలు 7 శాతం వడ్డీకి వేస్తే నెలకు 17,500. మొత్తం 31,500. పరిమితి దాటిపోయింది. ప్రేమతో రాసిచ్చిన ఆస్తి వల్లే నెలకు 30,600 వచ్చే పెన్షన్ ఆగిపోతుంది. సంరక్షకులు ఏటా ఆదాయ ధ్రువీకరణ ఇవ్వాలి కాబట్టి దాచడానికీ వీలుండదు, దాచమని నేను చెప్పను కూడా.

అందుకే ట్రస్టు. మీ విషయంలో నేను సూచించేది మీ వీలునామాలోనే ఏర్పడే ట్రస్టు. ఇప్పుడే ట్రస్టు డీడ్ రాసి రిజిస్టర్ చేయించే దారీ ఉంది, చాలామంది సలహాదారులు అదే చెబుతారు. కానీ ఎంత ఖర్చు పెట్టాలన్నది ట్రస్టీల విచక్షణకు వదిలే ట్రస్టును బతికుండగా పెడితే, దాని ఆదాయం మీద సాధారణంగా గరిష్ఠ రేటులో పన్ను పడుతుంది. అదే వీలునామా ద్వారా ఏర్పడి, ఆ వీలునామాలో ఉన్న ఏకైక ట్రస్టు అయితే, వ్యాపార ఆదాయం లేనంతవరకు మామూలు శ్లాబు రేట్లే వర్తిస్తాయి. విచక్షణ ఎందుకు అవసరమంటే, ఆదాయమంతా అబ్బాయికే ఇవ్వాలని రాస్తే అది అతని ఆదాయం కింద లెక్కకొస్తుంది. "అవసరమైనంత ఖర్చు పెట్టాలి, మిగిలింది ట్రస్టులోనే ఉంచాలి" అని రాస్తే పరిస్థితి వేరు. మీ ఇద్దరి తర్వాత అబ్బాయి పోషణకు, చూసుకునే మనిషి జీతానికి, ఫిజియోథెరపీకి నెలకు 38,000 అవుతుందనుకుందాం. పెన్షన్ పోను 7,400 లోటు. ట్రస్టు ఆ లోటు పూడుస్తుంది. ట్రస్టు ఇచ్చింది అతని ఆదాయమే అన్నా పరిమితికి చాలా దూరంలో ఉంటారు. మిగతా 24 వేలు ట్రస్టులోనే పోగవుతాయి, ఆపరేషన్లకూ ఇంటి మరమ్మతులకూ పనికొస్తాయి.

ఈ దారిలో లోపం ఒకటే. మీరు బతికుండగా ట్రస్టు ఉండదు. మీరు పోయాక ట్రస్టీలు పాన్ తీసుకుని, ఖాతా తెరిచి, ఆస్తిని దాని పేరుకు మార్చుకోవాలి. అందుకని వీలునామాను సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్టర్ చేయించండి, తప్పనిసరి కాకపోయినా. సాక్షులిద్దరూ అందులో ఏమీ పొందనివాళ్లై ఉండాలి, ఒకరు డాక్టరైతే మరీ మంచిది. మీ భార్యకు ఆ ఇంట్లో జీవితాంతం ఉండే హక్కు విడిగా రాయాలి. ఆమె కూడా వీలునామా రాయాలి. ఆమె ముందు పోతే ఆమె ఆస్తి మీకు, మీ తర్వాతైతే మీ వీలునామాతో ఏర్పడిన ట్రస్టుకు వెళ్లేలా ఉండాలి. ఇది మరిచిపోతే ఆమె ఎఫ్‌డీలో సగం నేరుగా అబ్బాయి పేరుకే వస్తుంది, మళ్లీ మొదటికే.

ట్రస్టీలు ఎవరన్నదే ఇందులో అన్నిటికంటే కష్టమైన ప్రశ్న. మొదట మీ భార్య, అమ్మాయి. మీ భార్య తర్వాత అమ్మాయితో పాటు ఇంకొకరు. అబ్బాయి కాలం తీరాక మిగిలిన ఆస్తి అమ్మాయికో ఆమె పిల్లలకో వెళ్లాలని మీరు సహజంగానే రాస్తారు. అప్పుడు తమ్ముడి మీద ఖర్చు పెట్టే ప్రతి రూపాయీ రేపు తన పిల్లలకు తగ్గే రూపాయే. ఎంత మంచివాళ్లనైనా ఆ స్థానంలో ఒంటరిగా నిలబెట్టకూడదు. కాబట్టి రెండో ట్రస్టీ మిగులు ఆస్తిలో వాటా లేని మనిషి కావాలి. మీ బావమరిది కావచ్చు, నమ్మకమున్న చార్టర్డ్ అకౌంటెంట్ కావచ్చు. బ్యాంకుల అనుబంధ ట్రస్టీ కంపెనీలు కూడా ఈ పని చేస్తాయి గానీ, మీ స్థాయి నిధికి వాటి ఏటా ఫీజు బరువనిపిస్తుంది. ఒక ట్రస్టీ తప్పుకుంటే కొత్తవారిని ఎవరు నియమించాలి, ఇల్లు అమ్మాలంటే ఇద్దరి సంతకం ఉండాలి, నెలకు కనీసం ఇంత ఖర్చు పెట్టి తీరాలి అన్న మూడూ వీలునామాలో స్పష్టంగా ఉండాలి. ఆ కనీస ఖర్చు లేకపోతే పొదుపు పేరుతో అబ్బాయికి పాత డైపర్లు, చవక మనిషి మిగులుతారు.

ట్రస్టు డబ్బు చూస్తుంది. మనిషిని చూసేది గార్డియన్. అబ్బాయికి 18 దాటిన రోజు నుంచి తండ్రిగా మీరు కూడా చట్టప్రకారం అతని గార్డియన్ కాదు. సెరిబ్రల్ పాల్సీ, బుద్ధిమాంద్యం రెండూ 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కిందికి వస్తాయి కాబట్టి జిల్లా కలెక్టర్ అధ్యక్షతన ఉండే లోకల్ లెవెల్ కమిటీకి ఇప్పుడే దరఖాస్తు పెట్టండి. కమిటీ ఇచ్చే గార్డియన్ సర్టిఫికెట్‌తో అబ్బాయి పేరున బ్యాంకు ఖాతా తెరిచి నడపవచ్చు. నియమితులైన గార్డియన్ ఆరు నెలల్లో అబ్బాయి ఆస్తుల జాబితా, ఆ తర్వాత ప్రతి ఆర్థిక సంవత్సరం ముగిసిన మూడు నెలల్లో లెక్కలు ఇవ్వాలి. అబ్బాయి పేరున ఆస్తి తక్కువగా ఉంటే ఈ పని కూడా తేలికే.

ఆఫీసులో చేయాల్సింది, రిటైర్మెంట్ కాగితాలు నింపేటప్పుడు కుటుంబ వివరాల్లో అబ్బాయి పేరు, వైకల్యం, సర్టిఫికెట్ జతచేసి, పెన్షన్ చెల్లింపు ఉత్తర్వులోనే, అంటే పీపీఓలోనే, అతని పేరు వచ్చేలా చూడటం. మీ తర్వాత పెన్షన్ అందుకోవాల్సిన గార్డియన్ పేరు కూడా ఇవ్వండి. ఇవి మీ చేత్తో చేస్తే ఒక పూట పని. మీరు లేకుండా మీ భార్య చేయాలంటే ఎన్ని నెలలు తిరగాలో చెప్పలేం. జీపీఎఫ్‌, ఎల్ఐసీ నామినేషన్లలో అబ్బాయి పేరు ఉంటే మార్చి మీ భార్య పేరు పెట్టండి. ముఖ్యంగా ఎల్ఐసీలో పిల్లల్ని నామినీగా పెడితే ఆ డబ్బు నామినీ సొంతమవుతుంది.

వీలునామాతో పాటు ఒక మామూలు నోటుపుస్తకం కూడా ఉంచండి. ఫిట్స్ మాత్ర దేనిలో కలిపితే మింగుతాడు, ఏ శబ్దానికి బెదురుతాడు, నొప్పి వస్తే ఎలా చెబుతాడు, ఏ డాక్టరు దగ్గర ఫైలుంది. దీనికి చట్టబద్ధత లేదు. కానీ రెండో ట్రస్టీ ఆరు నెలలకోసారి వచ్చి చూసినప్పుడు, అబ్బాయి బాగున్నాడా లేదా అన్నది పోల్చుకోవడానికి అతని దగ్గర ఉండేది ఈ పుస్తకమే.

లాయరు దగ్గరికి వెళ్లే ముందు అమ్మాయిని, అల్లుణ్ణి పిలిచి ఈ కాగితం వాళ్ల ముందు పెట్టండి. ట్రస్టీగా ఉంటాను గానీ తమ్ముణ్ణి హైదరాబాద్ తీసుకెళ్లలేను అని ఆమె అనవచ్చు. అలాగైతే గార్డియన్ వేరే కావాలి, గుంటూరు ఇల్లు అమ్మకూడదు అన్న షరతు కూడా వీలునామాలో చేరాలి.