కుల్లాయి అందరిదీ, ఆ మాట ఒకరిది

సుజాతా,

లేపాక్షి బొమ్మల్లోని పొడుగు టోపీల గురించి నువ్వు రాసిన పేజీ బాగుంది. మూడో పేజీ దగ్గర మాత్రం నాకు ఒళ్లు మండింది. విజయనగర రాజులు కబాయి అనే పొడుగు చొక్కా, కుల్లాయి అనే ఆ పొడుగు టోపీ తొడుక్కోవడం మతం మార్పు కాదని, సుల్తానుల కొలువుల దాకా పాకిన ఒక రాచమర్యాదలో తామూ చేరడమని రాసి, ఎవరి పేరూ చెప్పకుండా ముందుకెళ్లిపోయావు. అది చరిత్రకారుడు ఫిలిప్ వాగనర్ 1996లో చేసిన వాదన. ఆయన వ్యాసం పక్కన పెట్టుకుని చూశాను, నీ వాక్యాలూ అదే వరసలో నడుస్తున్నాయి, రాజులు ప్రభువులయ్యారు, దుస్తులు వస్త్రధారణ అయింది, అంతే.

కుల్లాయి ఉండేదన్న సంగతి ఎవడి సొత్తూ కాదు. "కుల్లాయుంచితి, కోక చుట్టితి" అన్న శ్రీనాథుడి చాటువు మన ఊళ్లలో ఎంతమందికో నోటికొచ్చు. "హిందూరాయ సురత్రాణ" బిరుదు శాసనాల్లోనే ఉంది, అందులో సురత్రాణ అంటే సుల్తానే. ఇవి రాయడానికి వాగనర్ అనుమతి అక్కర్లేదు. కానీ ఆ టోపీనీ ఈ బిరుదునూ ఒకే తాడుకు కట్టి, ఇందుకే ఇలా చేశారు అని చెప్పింది ఆయన. ఆ ముడి నువ్వు ఎన్ని మాటలు మార్చి రాసినా ఆయనదే.

నేనేం చేస్తానంటే, పేరా రెండుసార్లు చదివి కాగితం మూసేస్తాను, మర్నాడు చూడకుండా రాస్తాను. తర్వాత మూలం తెరిచి వాక్యాల వరస పోల్చుకుంటాను. ఇంకోటి కూడా చూడాలి: ఆయన చెప్పింది కొలువులో, నలుగురిలో వేసుకునే బట్టల గురించి. నువ్వు "సమాజమంతా" అన్నావు. సొంత మాటల్లో రాసేటప్పుడు ఇలాగే హద్దు జారుతుంది, పైగా ఆయన పేరు పెట్టి ఉంటే ఆయన అనని మాట ఆయన నెత్తిన పడేది.

ఇలా మొదలుపెట్టు: "కొలువులో ఈ వేషం వేసుకోవడానికి మతంతో పని లేదంటాడు వాగనర్, ఆయన లెక్కలో అది సుల్తానుల సరసన నిలబడే తీరు. లేపాక్షి బొమ్మలు చూస్తే నాకు ఇంకోటి తోస్తుంది..." పేరు ముందే పెడితే ఆయన మాట ఎక్కడ ఆగిందో, నీది ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. పేరా చివర బ్రాకెట్లో పెడితే పైన ఉన్న ఆరు వాక్యాల్లో ఏవి ఎవరివో పాఠకుడికి ఎలా తెలియాలి?

నా మొదటి వ్యాసంలో ఒక పత్రిక సంపాదకుడు, ఆ మహానుభావుడు, "పేర్లు చదువుకి అడ్డం" అని నాలుగు పేర్లు కొట్టేశాడు. అచ్చయ్యాక ఒక రిటైర్డ్ మాస్టారు కార్డు రాశారు, ఈ ఆలోచన మీదేనా అని. జవాబు రాయలేక ఆ కార్డు చాలా కాలం బల్ల సొరుగులో దాచుకున్నాను. కొట్టేసింది ఆయన, సిగ్గు నాకు.

ఏ పత్రికకి పంపాలో తర్వాత మాట్లాడుకుందాం. ముందు ఆ మూడో పేజీ మళ్లీ రాసి పంపు.