ట్రెడ్‌మిల్‌పై 330 కేలరీలు: అందులో నడక వాటా ఎంత?

"తిరుపతిలో జిమ్‌కు వెళ్తున్నాను, బరువు 70 కిలోలు. ట్రెడ్‌మిల్‌పై గంటకు 5 కిలోమీటర్ల వేగంతో, 6 శాతం ఎత్తు పెట్టి, పిడి పట్టుకుని 45 నిమిషాలు నడుస్తాను. తెరపై 330 కేలరీలు, వాచీలో 410. ఆ లెక్కన రెండు దోసెలు అదనంగా తింటున్నా. బరువెందుకు తగ్గడం లేదు?"

మీరు చెప్పిన వేగానికి, ఎత్తుకు సాధారణ సూత్రం ప్రకారం 330 దాదాపు సరిగానే వస్తుంది. కానీ ఊరికే కూర్చున్నా మనిషి కిలోకు గంటకు సుమారు ఒక కేలరీ ఖర్చు చేస్తాడు కనుక, ఆ ముప్పావు గంటలో మీకు ఎలాగూ అయ్యే 50 కేలరీలు కూడా అందులో కలిసి ఉన్నాయి. నడక వల్ల అదనంగా అయింది 280 మాత్రమే.

అదీ పిడి పట్టుకోకపోతేనే. ఎత్తు పెట్టి పిడికి వేలాడితే శరీర బరువులో కొంత చేతుల మీదుగా యంత్రమే మోస్తుంది, ఆ సంగతి దాని సూత్రానికి తెలియదు. అలిపిరి మెట్లపై అరగంటలో వచ్చే ఆయాసం ఇక్కడ రాకపోతే కారణం అదేనని నా అనుమానం. ఎత్తును 3 శాతానికి తగ్గించి, చేతులు వదిలి నడవండి.

వాచీ గుండె వేగాన్ని బట్టి అంచనా కడుతుంది. ఉక్కపోత, కాఫీ, నిద్రలేమి వల్ల గుండె వేగం పెరిగినా దాన్ని శ్రమగానే లెక్కిస్తుంది. కాబట్టి ఆ 410ను పక్కన పెట్టి, అదే యంత్రంపై వారం వారం పోల్చుకోవడానికే తెరపై అంకెను వాడండి. అదనపు దోసెలు మూడు వారాలు ఆపి, ఉదయపు బరువుల వారపు సగటు చూడండి.