ఏసీ వేయగానే స్టెబిలైజర్ టక్ టక్ మంటోంది, ఒక్కోసారి అవుట్‌పుట్టే రాదు

"ఏసీ ఆన్ చేస్తే స్టెబిలైజర్ టక్ టక్ మంటూనే ఉంటుంది. ఒక్కోసారి అసలు అవుట్‌పుట్ రాదు. రిలే పోయిందంటారా? కొత్తది కొనాలా?"

అప్పుడే విప్పకండి. ముందు లేబుల్ మీద ఇన్‌పుట్ రేంజ్ ఎంత రాసి ఉందో చూడండి. మా ఏసీకి పెట్టినదాని మీద 170–270 వోల్టులు అని ఉండేది. ఏసీ ఆపి ఉన్నప్పుడు అదే లైన్‌లోని పక్క సాకెట్‌లో మల్టీమీటర్ పెడితే 186 చూపించేది. అంటే రేంజ్‌లోనే ఉన్నట్టు. కానీ కంప్రెసర్ అందుకోగానే 163కి పడిపోయేది. 170 దిగిందని స్టెబిలైజర్ అవుట్‌పుట్ కట్ చేసేది. లోడ్ పోయాక వోల్టేజ్ మళ్లీ 186కి ఎక్కేది, డిలే అయ్యాక మళ్లీ కలిపేది, కంప్రెసర్ మళ్లీ లాగేది. ఇక ఇదే వరస. డిలే లైటు వెలుగుతున్నంతసేపూ అవుట్‌పుట్ సున్నాయే, అది పాడవడం కాదు.

లైన్ వోల్టేజ్ తక్కువగా ఉన్నప్పుడు దాన్ని పెంచి ఇవ్వడానికి స్టెబిలైజర్ లైన్ నుంచి ఎక్కువ కరెంట్ లాగుతుంది. 1500 వాట్ల లోడ్‌కి 230 దగ్గర ఆరున్నర ఆంపియర్లు చాలు, 163 దగ్గర తొమ్మిది దాటుతాయి. దాంతో వైరింగ్‌లో వోల్టేజ్ ఇంకా పడుతుంది. అందుకే సాకెట్, ప్లగ్ వేడెక్కుతున్నాయేమో కూడా చూడండి. లూజు కనెక్షన్ ఉంటే ఎంత మంచి స్టెబిలైజరైనా కొట్టుకుంటూనే ఉంటుంది.

ఏసీ తీసేసినా, ఇన్‌పుట్ నిలకడగా ఉన్నా టక్ టక్ ఆగకపోతే అప్పుడు రిలేలనో కంట్రోల్ బోర్డునో అనుమానించాలి. లోడ్ మీద కొట్టుకున్న ప్రతిసారీ రిలే కాంటాక్టుల మధ్య నిప్పురవ్వ లేస్తుంది. కొన్నాళ్లకు అవి గుంటలు పడి నల్లబడతాయి. శబ్దం మామూలుగానే వస్తుంది, కరెంటు మాత్రం దాటదు. ఖాళీగా ఉన్నప్పుడు మీటర్ అవుట్‌పుట్‌లో 220 చూపిస్తుంది కాబట్టి చాలామంది ఇక్కడ మోసపోతారు. స్టెబిలైజర్ కెపాసిటీకి లోబడిన ఇస్త్రీ పెట్టె పెట్టి చూడండి. ఇన్‌పుట్ పెద్దగా తగ్గకుండా అవుట్‌పుట్ మాత్రం బాగా పడిపోతే కాంటాక్టులు అరిగినట్టే.

రిలే మార్పించేటప్పుడు కాయిల్ వోల్టేజ్, కాంటాక్ట్ ఆంపియర్లు, కాళ్ల అమరిక మూడూ పాతదానితో కలవాలి. లోపల మెయిన్స్ ఉంటుంది, ఆ పని తెలిసినవాళ్లకే ఇవ్వండి. ట్రాన్స్‌ఫార్మర్ కాలిన వాసన లేకపోతే రిపేరుకే నా ఓటు.

కాకపోతే లోడ్ మీద మీ రీడింగ్ కూడా 170 దిగుతుంటే కొత్త రిలే కూడా అలాగే కాలిపోతుంది. మేమైతే వైరింగ్ సరిచేయించి, 130 నుంచి పనిచేసేది తీసుకున్నాం. అప్పటి నుంచి కంప్రెసర్ ఎత్తుకున్నప్పుడు ఒక్క టక్ వినిపిస్తుంది, అంతే.