కారుచౌడు నేలకు జిప్సం లెక్క

ప్రశ్న: మట్టి పరీక్షలో ఈఎస్‌పీ, అంటే మట్టి రేణువులపై సోడియం ఆక్రమించిన చోటు శాతం, 40 వచ్చింది. ఎకరాకు ఎంత జిప్సం వేయాలి?

మట్టి పోషకాలను పట్టుకునే సామర్థ్యం, అంటే సీఈసీ, 100 గ్రాములకు 20 మిల్లీఈక్వివలెంట్లు ఉంటే, పై 15 సెంటీమీటర్ల మట్టికి సుమారు 4.7 టన్నుల స్వచ్ఛమైన జిప్సం కావాలి.

జిప్సంలోని కాల్షియం మట్టి రేణువులకు అంటుకున్న సోడియంను తోసేసి ఆ చోటు తీసుకుంటుంది. అందుకే తీసేయాల్సిన సోడియం ఎంతో ముందు తేల్చుకోవాలి. ఈఎస్‌పీని 40 నుంచి 10కి దించాలంటే సీఈసీలో 30 శాతం, అంటే 6 మిల్లీఈక్వివలెంట్లు. ఒక్కోదానికి ఎకరాకు 0.78 టన్ను పడుతుంది. కొన్న జిప్సం స్వచ్ఛత 70 శాతమే అయితే 6.7 టన్నులు వేయాలి.

చాలామంది పీహెచ్ చూసి మోతాదు చెప్పేస్తారు, అది సరికాదు. ఈఎస్‌పీ ఇంతే ఉన్నా, సీఈసీ 10 ఉన్న ఇసుక నేలకు ఇందులో సగం చాలు. జిప్సం కలిపాక నీళ్లు నిలగట్టి మురుగు కాలువలోకి వదలకపోతే మాత్రం సోడియం పొలంలోనే ఉండిపోతుంది.